సొంత ఫోన్‌లో ఆఫీసు పని: నియంత్రణ ఎంతవరకు?

ప్రశ్న: అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ నడుపుతున్నాను. కౌన్సెలర్లు సొంత ఫోన్లలోనే విద్యార్థుల వివరాలు చూస్తారు. ఒకరు మానేసి పంజాగుట్టలో వేరే సంస్థలో చేరారు. మా జాబితా ఆయన ఫోన్‌లోనే ఉంది. ఫోన్లలో నియంత్రణ యాప్ పెడదామంటే మిగతావాళ్లు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ సిబ్బంది భయం సబబే. ఫోన్ మొత్తం సంస్థ అధీనంలోకి వెళ్తే, మానేసిన రోజు ఇంటి ఫొటోలు కూడా చెరిగిపోవచ్చు.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘వర్క్ ప్రొఫైల్’ పెట్టించండి. ఆఫీసు యాప్‌లు బ్రీఫ్‌కేస్ గుర్తుతో విడిగా కనిపిస్తాయి. సొంత ఫొటోలు, మెసేజ్‌లు మీకు కనిపించవు. ఆఫీసు యాప్‌ల నుంచి సొంత యాప్‌లలోకి కాపీ చేయకుండా ఆపవచ్చు. ఉద్యోగి వెళ్లిపోతే ఆ ప్రొఫైల్‌ను మాత్రమే తుడిచేయవచ్చు. ముందుగా ఒక్క ఫోన్‌లో పెట్టి, తుడిచి, సొంత ఫొటోలు అలాగే ఉన్నాయని అందరికీ చూపించండి.

అసలు లీకు వాట్సాప్‌లో ఉంటుంది. సొంత నంబరుతో విద్యార్థులతో మాట్లాడితే ఆ వివరాలు ప్రొఫైల్ బయటే ఉండిపోతాయి. సంస్థ సిమ్‌తో వాట్సాప్ బిజినెస్‌ను ప్రొఫైల్ లోపలే పెట్టండి. స్క్రీన్‌ను ఇంకో ఫోన్‌తో ఫొటో తీస్తే మాత్రం ఏ యాప్ ఆపలేదు. అందుకే ఎవరికి ఎంత జాబితా కనిపించాలో తగ్గించండి.

సంస్థ ఏం చూస్తుందో, ఏం చూడదో, ఎప్పుడు తుడుస్తుందో ఒక పేజీలో తెలుగులో రాసి సంతకాలు తీసుకోండి.

ఇప్పటికే వెళ్లిపోయిన జాబితాను ఈ ఏర్పాటు వెనక్కి తేలేదు. ఆ నంబర్లకు వేరే సంస్థ నుంచి కాల్స్ వస్తున్నాయని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ చట్టాలు తెలిసిన న్యాయవాదిని కలవండి.