సరదా ఫొటోకి కూడా ఎందుకు ఒప్పుకోదు?

ప్రశ్న: మా చెల్లి పెళ్లి ఫొటోలో ఓ సినిమా హీరోయిన్ అతిథిగా వచ్చినట్టు పెట్టమంటే ఏఐ టూల్ కుదరదంది. ఇందులో తప్పేముంది?

జవాబు: మీ ఉద్దేశంలో తప్పు లేదు. కానీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యాక ఫొటో వెంట మీ ఉద్దేశం వెళ్లదు. ఆమె రాని చోటికి వచ్చినట్టు ఒక దొంగ సాక్ష్యం మిగులుతుంది. రేపు దాన్నే ఎవరైనా తమ షాపు ప్రకటనకు వాడుకోవచ్చు. అడిగేవారి మనసు టూల్‌కు తెలియదు, అందుకే ఆపేస్తుంది.

2023 నవంబరులో రష్మిక మందన్న లిఫ్టులోకి వస్తున్నట్టున్న వీడియో గుర్తుందా? అది మరో యువతి అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న వీడియో. ముఖం ఒక్కటే మార్చారు. ఈ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఓ యువకుడిని అరెస్టు చేశారు. తాను నడిపే రష్మిక ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని చెప్పారు. అభిమానమే అక్కడిదాకా వెళ్లింది! ముఖం ఒకరిది, శరీరం మరొకరిది. గాయపడింది ఇద్దరు. ఆ రెండో యువతిని చాలామంది మరిచిపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ వీడియోను నెమ్మదిగా నడిపితే గుట్టు తెలిసిపోయింది. మొదటి క్షణంలో అసలు యువతి ముఖమే ఉంది, లిఫ్టులోకి అడుగుపెడుతుండగా మారిపోయింది. మీరు అడిగినటువంటి ఫొటోలో కదలిక ఉండదు, అలా దొరికిపోయే క్షణమూ ఉండదు.