సీసా మీది హెచ్చరికే మీ సాక్ష్యం

శంకర్‌పల్లి మండలం ప్రొద్దుటూరు నుంచి చేవెళ్ల, మొయినాబాద్ కాలేజీలకూ జిమ్‌లకూ వెళ్లే కుర్రవాళ్లకు ఎనర్జీ డ్రింకు కొనడం నేరం కాదు. దుకాణదారు అమ్మడమూ నేరం కాదు. అమ్మనిచ్చారు కాబట్టి హాని లేదనుకోవడమే పొరపాటు. చట్టం ఇక్కడ రక్షణను లేబుల్ మీద పెట్టింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం ఇలాంటి పానీయంలో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకే కెఫీన్ ఉండాలి. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కెఫీన్ పడనివాళ్లు తాగరాదనీ, రోజుకు 500 మిల్లీలీటర్లు మించకూడదనీ ముద్రించాలి.

ఆ 500 ఎందుకు ముఖ్యమో లెక్క వేస్తే తెలుస్తుంది. గరిష్ఠ మోతాదున్న 250 మిల్లీలీటర్ల సీసాలు రెండు తాగితే 150 మిల్లీగ్రాముల కెఫీన్ లోపలికి పోతుంది. పిల్లలకూ కౌమార వయసు వాళ్లకూ కిలో బరువుకు 3 మిల్లీగ్రాములను ఐరోపా ఆహార భద్రతా సంస్థ హద్దుగా పెట్టుకుంది. అంటే 50 కిలోల పదిహేడేళ్ల కుర్రవాడికి అక్కడితోనే హద్దు నిండిపోయింది. జిమ్‌లో కలుపుకునే ప్రీ వర్కౌట్ పొడి డబ్బా మీద మోతాదుకు 200 అని ఉంటే ఒక్కసారిగా 350 అవుతుంది. లేబుల్ తన సీసా సంగతే చెబుతుంది, ఈ కూడిక చెప్పదు. చక్కెర మాటకొస్తే, 100 మిల్లీలీటర్లకు 11 గ్రాములున్న రకం ఒక్క సీసాలోనే 27 గ్రాములు దాటుతుంది. 2019లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో 34 మంది ఆరోగ్యవంతులు గంటలో దాదాపు లీటరు తాగితే ఈసీజీలో క్యూటీ వ్యవధి కొద్దిగా పెరిగింది, రక్తపోటూ పెరిగింది. చిన్న పరిశోధనే, అందులో ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. అయితే పుట్టుకతోనే ఆ వ్యవధి ఎక్కువున్నవాళ్లకు ఆ కొద్దిపాటి పెరుగుదల కూడా ప్రమాదమే. తమకు అది ఉందని చాలామందికి తెలియదు కూడా.

కాఫీలోనూ కెఫీన్ ఉందిగా అంటారు. ఉంది. కానీ వేడి కాఫీని మెల్లగా తాగుతాం. చల్లని తీపి సీసా చెమట పట్టిన వేళ రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. వ్యాయామానికి ముందు అరటిపండు, తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ చాలు. పరీక్ష ముందు రాత్రి నిద్రను భర్తీ చేసే పానీయం ఏదీ లేదు.

ఇరవై రూపాయల సీసాకు కేసేమిటంటారా? హెచ్చరిక లేకపోయినా, కెఫీన్ పరిమాణం దాచినా, అది తప్పుడు లేబుల్ కిందికి వస్తుంది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 52వ సెక్షన్ కింద రూ.3 లక్షల దాకా జరిమానా. కెఫీన్ హద్దు దాటిందని అనుమానముంటే 40వ సెక్షన్ కింద కొనుగోలుదారే రుసుము కట్టి ఆహార విశ్లేషకుడితో పరీక్ష చేయించవచ్చు. తేడా తేలితే రుసుము తిరిగొస్తుంది. మెలిక ఒక్కటే, పరీక్షకు పంపుతానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. బిల్లు, ఖాళీ సీసా, బ్యాచ్ నంబరు ఫొటో దాచండి. ఫిర్యాదుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు 1800112100. బడి గేటుకు 50 మీటర్లలోపు అధిక చక్కెర పదార్థాలు అమ్మరాదన్న 2020 నిబంధన కింద కూడా ఫిర్యాదు చేయవచ్చు.

గుండె దడతో ఆసుపత్రి పాలైతే దారి వేరు. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, రూ.5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. అయితే లేబుల్ సరిగ్గా ఉండి, దాన్ని మీరి మూడో సీసా తాగి ఉంటే గెలుపు కష్టం. హెచ్చరిక అచ్చయి ఉందని కంపెనీ అదే లేబుల్‌ను కమిషన్ ముందు పెడుతుంది. లేబుల్ మీద హెచ్చరిక లేకపోతే, ఆ రోజు ఈసీజీ, డిశ్చార్జి సమ్మరీలతో పాటు ఆ ఖాళీ సీసా కూడా మీ కేసుకు బలమవుతుంది.