అధివృక్క గ్రంథులు: హెచ్చు ఏదో, లోపం ఏదో గుర్తించడం ఎలా?

మన మూత్రపిండాలు రెండింటి మీద, ఒక్కొక్కదానిపై ఒక్కొక్కటి చొప్పున, టోపీ పెట్టినట్లుగా రెండు చిన్న గ్రంథులున్నాయి. వీటిని అధివృక్క గ్రంథులు అంటారు. వైద్యులు అడ్రినల్ గ్రంథులు అని వ్యవహరించేవి ఇవే. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాముల బరువు మాత్రమే ఉంటుంది. కాని వీటి స్రావాలు హెచ్చినా, తగ్గినా శరీరం యావత్తూ తల్లక్రిందులవుతుంది. ఆ మార్పులను గుర్తించే పద్ధతిని ఒక ఉదాహరణ ఆధారంగా ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

యాభై రెండేళ్ల గృహిణి ఒకామె మోకాళ్ల నొప్పులతో బాధపడుతూ, ఎవరో చెప్పగా, పేరూ ఊరూ లేని పొట్లాల పొడిని పదునాలుగు నెలలపాటు వాడిందనుకుందాం. నొప్పులు రెండు రోజులలోనే మాయమయ్యాయి. క్రమంగా ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట పెరిగింది, కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి, రక్తపోటు 150/94కు చేరింది. భయపడిన బంధువుల మాట విని ఆమె పొడిని ఒక్కసారిగా మానివేసింది. పది రోజులకు జ్వరం, వాంతులు, విపరీతమైన నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం మొదలయ్యాయి. ఆస్పత్రిలో చూడగా రక్తపోటు 86/56, సోడియం 126, పొటాషియం 4.3, రక్తంలో చక్కెర 58 ఉన్నాయి. ముఖం మాత్రం ఇంకా గుండ్రంగానే ఉంది. ఆమెకున్నది హార్మోను హెచ్చా, లోపమా? ఈ ప్రశ్నకు సమాధానం వ్యాసం చివరకు పాఠకులే చెప్పగలరు.

రెండు స్రావాలు, రెండు యజమానులు

అధివృక్క గ్రంథి వెలుపలి భాగం తయారుచేసే స్రావాలలో మనకు ముఖ్యమైనవి రెండు: ఆల్డోస్టిరోన్, కార్టిసాల్.

ఆల్డోస్టిరోన్ పని మూత్రపిండాలలో జరుగుతుంది. అది సోడియంను, అనగా ఉప్పును, శరీరంలో నిలిపి, దానికి బదులుగా పొటాషియంను మూత్రంలోకి పంపివేస్తుంది. ఉప్పు నిలిచినచోట నీరు నిలుస్తుంది, రక్తపోటు నిలబడుతుంది. దీనిని ముఖ్యంగా అదుపుచేసేవి మూత్రపిండాల నుండి వచ్చే రెనిన్ అనే పదార్థం, రక్తంలోని పొటాషియం మోతాదు.

కార్టిసాల్ శరీరానికి ఆపద్బంధువు. జ్వరం, గాయం, ఉపవాసం వంటి సమయాలలో రక్తంలో చక్కెర పడిపోకుండా, రక్తపోటు కుంగిపోకుండా కాపాడుతుంది. దీని యజమాని మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. అది ఏసీటీహెచ్ అనే హార్మోనును పంపితేనే కార్టిసాల్ తయారవుతుంది. తెల్లవారుజామున హెచ్చుగా, అర్ధరాత్రి తక్కువగా ఉండడం దీని సహజ లక్షణం.

ఈ ఇద్దరు యజమానులు వేరువేరని గుర్తుంచుకొంటే మిగిలిన పాఠమంతా తేలికవుతుంది.

ఆల్డోస్టిరోన్ హెచ్చితే

1955లో అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్ ఈ వ్యాధిని వివరించాడు. గ్రంథిలో చిన్న గడ్డ వలన గాని, రెండు గ్రంథులూ పెరగడం వలన గాని ఆల్డోస్టిరోన్ అవసరానికి మించి ఊరుతుంది. ఫలితంగా రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుండి 5.0 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు ఉండడం సహజం. ఇది 3కు దిగువకు జారితే కండరాల నీరసం, పిక్కలు పట్టడం, రాత్రివేళ పలుమార్లు మూత్రానికి లేవడం కనిపిస్తాయి. సోడియం సహజమైన 135 నుండి 145 మధ్యనే, ఎక్కువలో ఎక్కువగా కాస్త పైన ఉంటుంది. రోగి ఆకారంలో మాత్రం మార్పు ఉండదు. ముఖం ఉబ్బదు, కాళ్లకు నీరు కూడా సాధారణంగా రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ వ్యాధి ఉన్నవారిలో చాలామందికి పొటాషియం సహజంగానే ఉంటుంది. కనుక మూడు మందులు వాడినా లొంగని రక్తపోటు ఉన్నవారికి, పొటాషియం బాగున్నప్పటికీ, ఆల్డోస్టిరోన్, రెనిన్ రెండింటినీ పరీక్షించాలి. మొదటిది హెచ్చుగా, రెండవది అణగి ఉంటే అనుమానం బలపడుతుంది.

మన పెరటి మందులలో ఒకటి అచ్చంగా ఈ వ్యాధివలె నటించగలదు. అది అతిమధురం, అనగా యష్టిమధుకం. మూత్రపిండాలలో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఒక ఎంజైమ్ ఉంది. అతిమధురంలోని తీపి పదార్థం ఆ ఎంజైమ్‌ను అడ్డగిస్తుంది. అప్పుడు కార్టిసాలే ఆల్డోస్టిరోన్ పని చేయసాగుతుంది. రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. కాని పరీక్షిస్తే ఆల్డోస్టిరోన్, రెనిన్ రెండూ తక్కువగానే ఉంటాయి. దగ్గుకు రెండు మూడు రోజులు చిన్న ముక్క నమలడం వేరు, కడుపులో మంటకని నెలల తరబడి చూర్ణం తినడం వేరు. రక్తపోటు ఉన్నవారు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు దీర్ఘకాలం దీనిని సేవించరాదు. వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు అతిమధురం సంగతి దాచకుండా చెప్పాలి.

కార్టిసాల్ హెచ్చితే

ఇక్కడ కూడా రక్తపోటు పెరుగుతుంది. కాని గుర్తు ఆకారంలో ఉంటుంది. ముఖం చంద్రబింబంవలె గుండ్రమవుతుంది. మెడ వెనుక, పొట్ట మీద కొవ్వు చేరుతుంది. తొడల, భుజాల కండరాలు క్షీణించి, పీట మీద నుండి చేయూత లేకుండా లేవలేకపోతారు. చర్మం పలుచబడి, చిన్న దెబ్బకే కమిలిపోతుంది. పొట్ట మీద సెంటీమీటరుకు మించిన వెడల్పుతో ఊదారంగు చారలు ఏర్పడతాయి. గర్భిణులకు వచ్చే సన్నని తెల్లచారలు వేరు, ఇవి వేరు. రక్తంలో చక్కెర పెరుగుతుంది. హార్వీ కుషింగ్ 1932లో వర్ణించిన ఈ వ్యాధికి ఆయన పేరే నిలిచింది.

పొటాషియం సాధారణంగా సహజంగానే ఉంటుంది. కార్టిసాల్ మితిమీరినప్పుడు మాత్రం, పైన చెప్పిన ఎంజైమ్ శక్తి చాలక, పొటాషియం తగ్గుతుంది. ఇక ఈ ఆకారం రావడానికి గ్రంథిలో గడ్డల కన్నా, బయటి నుండి తీసుకొన్న స్టిరాయిడ్ మందులే అత్యధికంగా కారణం.

లోపించితే

లోపంలో రెండు విధాలున్నాయి. ఇదే ఈ పాఠానికి కీలకం.

మొదటిది గ్రంథియే చెడిపోవడం. 1855లో థామస్ అడిసన్ వర్ణించినది ఇదే. శరీర రక్షణ వ్యవస్థ తన గ్రంథినే నాశనం చేయడం ఒక కారణం, క్షయ మరొక కారణం. మన దేశంలో క్షయను మరువరాదు. గ్రంథియే చెడినందున కార్టిసాల్, ఆల్డోస్టిరోన్ రెండూ పోతాయి. రక్తపోటు తగ్గుతుంది, సోడియం తగ్గుతుంది, పొటాషియం పెరుగుతుంది. బరువు తగ్గడం, ఉప్పు మీద విపరీతమైన కోరిక కలుగుతాయి. పిట్యూటరీ ఎంత గట్టిగా ఆజ్ఞాపించినా గ్రంథి పలుకదు. ఆ హెచ్చిన ఏసీటీహెచ్ వలన అరచేతి గీతలు, చిగుళ్లు, వ్రేళ్ల కణుపులు, పాత మచ్చలు నల్లబడతాయి. నల్లని మేనిఛాయ గలవారిలో చర్మం కన్నా చిగుళ్లు, అరచేతి గీతలు చూడడమే మేలు.

రెండవది యజమాని మౌనం వహించడం. పిట్యూటరీ ఆజ్ఞ రాక కార్టిసాల్ ఒక్కటే తగ్గుతుంది. ఆల్డోస్టిరోన్ యజమాని వేరు కనుక అది చెక్కుచెదరదు. అందువలన పొటాషియం పెరగదు, శరీరం నల్లబడదు. సోడియం మాత్రం తగ్గవచ్చు. ఉప్పు పోవడం వలన కాదు, కార్టిసాల్ లేనప్పుడు శరీరం నీటిని అధికంగా నిలుపుకొని రక్తాన్ని పలుచన చేయడం వలన.

ఉదాహరణకు సమాధానం

ఇప్పుడు ఆ గృహిణి వద్దకు వద్దాం. ముఖం చూస్తే కార్టిసాల్ హెచ్చు అనిపిస్తుంది. కాని ముఖం గడచిన నెలల చరిత్ర మాత్రమే. ఈనాటి సంగతి చెప్పేవి రక్తపోటు, రక్త పరీక్షలు. రక్తపోటు 86/56, చక్కెర 58: ఇవి కార్టిసాల్ లేమిని చూపుతున్నాయి. పొటాషియం 4.3 పెరగలేదు, చిగుళ్లు నల్లబడలేదు. కనుక ఆల్డోస్టిరోన్ ఉంది, గ్రంథి చెడలేదు. వాంతులు పొటాషియంను తగ్గించగలవు కనుక దీనినొక్కదానినే నమ్మరాదు. అయితే పదునాలుగు నెలల పొడి కథ దీనికి తోడుగా ఉంది. ఆ పొడిలో స్టిరాయిడ్ కలిసి ఉందన్నమాట. ఇన్నాళ్లూ బయటి నుండి స్టిరాయిడ్ అందుతూ ఉండగా పిట్యూటరీ ఆజ్ఞలు మానివేసింది. పని లేని అధివృక్క గ్రంథి నిద్రపోయింది. పొడి ఆగిన తరువాత జ్వరం వచ్చి కార్టిసాల్ కావలసినప్పుడు, ఇచ్చేవారు లేకపోయారు.

ఇటువంటి సమయంలో ఉదయపు కార్టిసాల్ పరీక్ష ఉపకరిస్తుంది. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాములకు లోపుగా ఉంటే లోపం దాదాపు నిశ్చయం. మధ్యస్థంగా ఉంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి, గ్రంథి స్పందిస్తుందా అని చూస్తారు. కాని రోగి కుప్పకూలే స్థితిలో ఉంటే ఫలితం కోసం ఆగరు. రక్త నమూనా తీసుకొని, వెంటనే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, నరం ద్వారా సెలైన్ ఇస్తారు. ఆలస్యం ప్రాణాపాయం. ఉప్పు నీరు, నిమ్మరసం, కషాయాలు ఇక్కడ ఆ లోటు తీర్చలేవు.

నొప్పులకు రెండు రోజులలో గుణం చూపిన గుర్తుతెలియని పొడిని వారాల తరబడి వాడినవారు, దానిని తమంతట తాము హఠాత్తుగా ఆపరాదు. అలాగని కొనసాగించనూ రాదు. పొట్లంతో సహా వైద్యుని వద్దకు వెళితే, తెలిసిన స్టిరాయిడ్ మాత్రను నిర్ణీత మోతాదులో మొదలుపెట్టి, మెల్లగా తగ్గిస్తూ ఆపిస్తారు. నిద్రపోయిన గ్రంథి మేల్కొనడానికి నెలలు, కొందరికి ఏడాది కూడా పడుతుంది. ఆ కాలంలో జ్వరం, వాంతులు, శస్త్రచికిత్స ఏది వచ్చినా, స్టిరాయిడ్ వాడిన సంగతిని వైద్యునికి మొదటి మాటగా చెప్పాలి.

గుర్తుంచుకొనదగినవి

ఆల్డోస్టిరోన్ హెచ్చు: రక్తపోటు ఎక్కువ, పొటాషియం తక్కువ లేక సహజం, ఆకారంలో మార్పు లేదు.

కార్టిసాల్ హెచ్చు: రక్తపోటు ఎక్కువ, పొటాషియం సాధారణంగా సహజం, చక్కెర ఎక్కువ, చంద్రబింబం వంటి ముఖం, ఊదా చారలు.

గ్రంథి లోపం: రక్తపోటు తక్కువ, సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ, చిగుళ్లు, అరచేతి గీతలు నలుపు.

ఆజ్ఞ లోపం: రక్తపోటు తక్కువ, సోడియం తక్కువ కావచ్చు, పొటాషియం సహజం, నలుపు లేదు. స్టిరాయిడ్ మానినవారిలో ముఖం గుండ్రంగానే ఉండవచ్చు.