ఇరవై రెండు శాతం దగ్గర ఆగిపోయే ఫోన్

మా అమ్మ ఫోన్‌కి ఒక వింత జబ్బు ఉండేది. వంటింట్లో నిలబడి మాట్లాడితే మధ్యలో టప్పున ఆగిపోయేది. అదే ఫోన్‌తో, అదే ఛార్జింగ్‌తో మేడ మీదకెళ్లి మాట్లాడితే ఏమీ అయ్యేది కాదు. ఆగే ముందు బ్యాటరీ ఎప్పుడు చూసినా ఇరవై, ఇరవై అయిదు శాతం చూపించేది. మళ్లీ ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ వచ్చేది, పోయేది, మళ్లీ వచ్చేది. ఛార్జర్ పెట్టగానే బుద్ధిగా ఆన్ అయ్యి "ఇరవై ఒకటి" అని చూపించేది.

మూడో సెమిస్టర్ సెలవుల్లో ఇంటికెళ్లేసరికి అమ్మ దాన్ని టౌన్‌లో ఒక షాపులో చూపించి వచ్చింది. "సాఫ్ట్‌వేర్ పోయిందమ్మా, ఫార్మాట్ కొట్టాలి" అన్నారట. కంప్యూటర్ సైన్స్ చదువుతున్నానన్న గర్వంతో నేను కూడా "అంతే అయ్యుంటుంది" అన్నా. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఫోన్‌లో మా తాతయ్య మాటలున్నాయి. పోయిన సంక్రాంతికి ముందు ఆయన హాస్పిటల్‌లో ఉన్నప్పుడు అమ్మ రికార్డ్ చేసుకున్నవి, పదకొండు చిన్న ఫైళ్లు. వేరే ఎక్కడా కాపీ లేదు. ఫార్మాట్ కొడితే ఆయన గొంతు పోతుంది.

ముందు ఫోన్‌ని ఛార్జర్‌కి పెట్టి ఆ పదకొండూ నా లాప్‌టాప్‌లోకి ఎక్కించా. మీరైనా సరే, రిపేరు ఏదైనా ముందు చేయాల్సింది ఇదే. తర్వాత తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఒక ప్రశ్న వచ్చింది. సాఫ్ట్‌వేర్ తప్పయితే దానికి వంటింటికీ మేడకీ తేడా ఎలా తెలుస్తుంది?

మా వంటింట్లో సిగ్నల్ ఒక్క గీతే. కాల్ మాట్లాడేటప్పుడు పైన 2జీ గుర్తు పడుతుంది. టవర్ సరిగా అందకపోతే ఫోన్ గట్టిగా అరవాలి, అంటే ఎక్కువ పవర్‌తో ప్రసారం చేయాలి. 2జీ కాల్‌లో ఈ అరుపు నిరంతరం ఉండదు. సెకనుకి రెండు వందలసార్లకి పైగా చిన్న చిన్న కుదుపుల్లా వస్తుంది. సిగ్నల్ బాగా తక్కువైనప్పుడు ఒక్కో కుదుపులో బ్యాటరీ నుంచి దాదాపు 2 ఆంపియర్ల దాకా లాగొచ్చు. మేడ మీద టవర్ ఎదురుగా ఉంటుంది కాబట్టి అంత అవసరం పడదు. కాబట్టి ఫోన్‌ని పడేస్తున్నది ఛార్జింగ్ తక్కువగా ఉండటం ఒక్కటే కాదు, ఆ సమయంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడగడం.

దీన్ని మా ఇంటి నీళ్ల పైపుతో పోల్చుకుంటే నాకు అర్థమైంది. మా ఊరి బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. పదేళ్లకి పైపు లోపల ఉప్పు పేరుకుపోయి దారి సన్నబడింది. ట్యాంకులో నీళ్లు ఉంటాయి. ఒక్క కుళాయి తిప్పితే వస్తాయి. రెండు కుళాయిలు ఒకేసారి తిప్పితే స్నానాల గదిలో ధార ఆగిపోతుంది. ట్యాంకు ఎక్కి చూసినవాడు "నీళ్లున్నాయి కదా" అంటాడు, కింద బకెట్ పట్టుకున్నవాడు "రావట్లేదు" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఫోన్‌లో కనిపించే శాతం ట్యాంకు ఎక్కినవాడి మాట.

లిథియం అయాన్ బ్యాటరీ పాతబడినప్పుడు రెండు జరుగుతాయి. పట్టే ఛార్జ్ తగ్గుతుంది, ఇది అందరికీ తెలుసు. రెండోది, లోపల గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద ఒక పలుచని పొర ఏళ్ల తరబడి మందమవుతూ పోతుంది, అందువల్ల అంతర్గత నిరోధం పెరుగుతుంది. వేడి తగిలే కొద్దీ ఇది త్వరగా జరుగుతుంది. కరెంటు ఎంత లాగితే, నిరోధం ఎంత ఉంటే, అంత వోల్టేజ్ లోపలే పోతుంది. ఇంటర్‌లో చదివిన ఓమ్ సూత్రమే, కొత్తదేమీ కాదు.

లెక్క సులువుగా ఉండేలా అంకెలు తీసుకుందాం. ఇరవై రెండు శాతం దగ్గర బ్యాటరీ ఖాళీగా కూర్చున్నప్పుడు 3.7 వోల్టులు ఇస్తుందనుకోండి. కొత్త బ్యాటరీ నిరోధం 0.1 ఓమ్, పాతదానిది 0.3 ఓమ్. ఫోన్ లాగేది 2 ఆంపియర్లు.

```
కొత్తది, 22%:  3.7 - (2 x 0.1) = 3.5 V
పాతది,  22%:  3.7 - (2 x 0.3) = 3.1 V
పాతది,  80%:  4.0 - (2 x 0.3) = 3.4 V
```

వోల్టేజ్ ఒక హద్దు కిందకి పడితే ఫోన్‌లోని పవర్ చిప్ సరఫరా కట్ చేసేస్తుంది. ఆ హద్దు ఫోన్‌ని బట్టి మారుతుంది. ఇక్కడ 3.2 అనుకుందాం. మొదటిది, మూడోది గట్టెక్కాయి. రెండోది పడిపోయింది. అదే ముసలి బ్యాటరీ ఎనభై శాతంలో మర్యాదగా ఉండి ఇరవైల్లో ఎందుకు పరువు తీస్తుందో ఇందులోనే ఉంది.

ఇంకో విషయం కూడా ఇక్కడే తేలిపోతుంది. ఫోన్ ఆగగానే లాగేవాడు ఉండడు కాబట్టి వోల్టేజ్ మళ్లీ 3.7కి ఎక్కి కూర్చుంటుంది. అందుకే ఛార్జర్ పెట్టగానే ఇరవై ఒకటి అని చూపించేది. కానీ ఛార్జర్ లేకుండా ఆన్ చేస్తే, బూట్ అయ్యేటప్పుడు ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తుంది, వోల్టేజ్ మళ్లీ పడుతుంది, కంపెనీ బొమ్మ దగ్గరే చస్తుంది. బయటనుంచి చూస్తే అచ్చం సాఫ్ట్‌వేర్ చెడిపోయి బూట్ లూప్‌లో పడినట్టే ఉంటుంది. షాపు అతన్ని తప్పు పట్టలేను, నేనూ అలాగే అనుకున్నా కదా.

అయినా అనుమానం తీరాలంటే పరీక్ష చేయాలి. కేబుల్ పెట్టి లాప్‌టాప్‌కి కలిపితే పరీక్షే పాడవుతుంది, ఎందుకంటే యూఎస్‌బీ నుంచి ఫోన్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. నేను మొదట ఇదే తప్పు చేసి, "ఇప్పుడు ఆగట్లేదే!" అని గంటసేపు తల పట్టుకున్నా. ఆండ్రాయిడ్ 11 నుంచి డెవలపర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ డీబగ్గింగ్ ఉంటుంది. నాన్న ఫోన్ హాట్‌స్పాట్‌కి రెండింటినీ కలిపి ఇది నడిపా:

```
while true; do
  adb shell dumpsys battery | grep -E "^ +(level|voltage)"
  sleep 1
done
```

వోల్టేజ్ మిల్లీవోల్టుల్లో వస్తుంది. ఫోన్ ఊరికే ఉన్నప్పుడు 22 శాతం దగ్గర 3700 చుట్టూ ఉంది. బ్రైట్‌నెస్ మొత్తం పెంచి వీడియో రికార్డింగ్ మొదలుపెట్టి ఫ్లాష్ లైటు వేశా. 3400 దాకా జారింది. అలా ఉంచే వంటింట్లోకెళ్లి నాన్న నంబరుకి కాల్ చేశా. రెండు రింగులు. స్క్రీన్ నల్లబడింది, లాప్‌టాప్‌లో కనెక్షన్ పోయింది. చివరగా కనిపించిన అంకె 3388. అది హద్దు కంటే పైనే కదా అంటారా? ఈ అంకె ఫోన్ తనకు కుదిరినప్పుడు కొలిచి చెప్పేది. మిల్లీసెకనులో వచ్చిపోయే గుంట అందులో పడదు. కాబట్టి ఆఖరి అంకెని చూడకండి, లోడ్ పెట్టగానే ఎంత జారిందో చూడండి.

తర్వాత ఎనభై శాతానికి ఛార్జ్ చేసి, అదే వంటింట్లో, అదే తంతు మళ్లీ చేశా. పది నిమిషాలైనా ఏమీ కాలేదు. మళ్లీ ఇరవై రెండుకి దించి, ఈసారి ఛార్జర్ పెట్టి చేశా. అప్పుడూ ఆగలేదు. నన్ను ఒప్పించింది ఈ మూడు పరీక్షల జత. మామూలు సాఫ్ట్‌వేర్ తప్పుకి బ్యాటరీ ఎనభైలో ఉందో ఇరవైలో ఉందో పట్టదు. ఒక మినహాయింపు ఉంది: పదిహేను దగ్గరో ఇరవై దగ్గరో దానంతటదే ఆన్ అయ్యే బ్యాటరీ సేవర్. ప్రతిసారీ కచ్చితంగా ఒకే అంకె దగ్గర ఆగుతుంటే, ఫోన్ ఖాళీగా ఉన్నా ఆగుతుంటే, ముందు దాన్ని ఆఫ్ చేసి చూడాలి. మా ఫోన్ ఒకసారి 26లో, ఒకసారి 19లో పోయేది.

ఆగే తీరు కూడా గమనించాలి. బ్యాటరీ నిజంగా అయిపోయినప్పుడు ఆండ్రాయిడ్ "Shutting down" అని చూపించి, ఫైళ్లు సర్దుకుని పోతుంది. ముప్పై నుంచి ఒక్కసారిగా మూడుకి దూకి, ఆ తర్వాత పద్ధతిగా ఆగితే, అది శాతం లెక్క తప్పడం. ఒకసారి పూర్తిగా దించి పూర్తిగా ఎక్కిస్తే ఆ లెక్క చాలాసార్లు కుదురుకుంటుంది. ఏమీ చెప్పకుండా నల్లబడి, దానంతటదే రీస్టార్ట్ అయి, ఛార్జ్ ఎంతున్నా అలాగే చేస్తుంటే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించాలి. అప్పుడు `adb shell getprop sys.boot.reason` అడిగితే చాలా ఫోన్లు `kernel_panic` లేదా `watchdog` లాంటి జవాబిస్తాయి. మా ఫోన్ ఆ రెండూ చెప్పలేదు. సరఫరాయే తెగిపోతే కారణం రాసుకునే వ్యవధి ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఎక్కడిది?

మరి ఫార్మాట్ కొట్టినవాళ్లు "బాగైంది" అంటారెందుకు? ఫార్మాట్‌కి ముందు ఫోన్‌ని నిండా ఛార్జ్ చేస్తారు. తర్వాత వెనకాల నడిచే యాప్‌లు ఉండవు, లోడ్ తగ్గుతుంది. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. యాప్‌లన్నీ మళ్లీ ఎక్కించాక, ఒక సాయంత్రం ఇరవై శాతం దగ్గర కథ మొదటికొస్తుంది. అప్పటికి ఫొటోలు పోయుంటాయి.

సాఫ్ట్‌వేర్‌తో ఈ జబ్బుని కప్పిపెట్టొచ్చు కూడా. యాపిల్ 2017 జనవరిలో ఇచ్చిన ఐఓఎస్ 10.2.1 చేసిందదే. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్ 6, 6ఎస్ లాంటి వాటిలో ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ లాగకుండా వేగం తగ్గించింది. హఠాత్తుగా ఆగడం తగ్గింది, ఫోన్లు నెమ్మదించాయి. కారణం మాత్రం జనానికి స్పష్టంగా చెప్పలేదు. ఆ డిసెంబరులో గీక్‌బెంచ్ స్కోర్లను బట్టి విషయం బయటపడ్డాక కంపెనీ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది, వారంటీ దాటిన బ్యాటరీ మార్పు ధరని 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. ఇంజనీరింగ్‌గా చూస్తే ఆ ఆలోచన తప్పని నేననుకోను. 2 ఆంపియర్లని 1కి దించితే పైన మన లెక్కలో పాత బ్యాటరీ కూడా 3.4 దగ్గర బతుకుతుంది. తప్పు చెప్పకపోవడంలో ఉంది. బ్యాటరీ మారిస్తే తీరే దానికి చాలామంది కొత్త ఫోన్ కొనుక్కుని ఉంటారు.

అమ్మ ఫోన్‌కి బ్యాటరీ మార్పించాం. పాతది తీసినప్పుడు చూస్తే మధ్యలో కాస్త ఉబ్బి ఉంది. అలా ఉబ్బినట్టు బయటకే తెలిస్తే, వెనక మూత పైకి లేస్తే, ఈ పరీక్షలేవీ చేయకండి. నొక్కడం, పొడవడం అసలే వద్దు. వాడటం ఆపి నేరుగా మార్పించేయండి. తాతయ్య ఫైళ్లు ఉన్నచోటే ఉన్నాయి. అమ్మ ఇప్పుడు వంటింట్లోనే మాట్లాడుతోంది.

మొన్న హాస్టల్లో ఉండగా నాన్న ఫోన్ నుంచి చేసింది. "నా ఫోన్ మళ్లీ ఆగిపోయిందిరా."

గుండె జారింది. "ఆగేముందు ఏమైనా చూపించిందా అమ్మా?"

"షటింగ్ డౌన్ అని వచ్చింది."

"ఎంత శాతం ఉంది అప్పుడు?"

"సున్నా."