ఇంటి వంటగదే హోటల్ అయితే: ఒక్క ఆర్డరుపై ఎంత మిగులుతుంది?

కుట్టు మిషను తర్వాత ఇప్పుడు సహాయం కోరే అక్కచెల్లెళ్ల నోట ఎక్కువగా వినిపిస్తున్న మాట క్లౌడ్ కిచెన్. కూర్చుని తినే చోటు ఉండదు, బోర్డు ఉండదు. ఇంట్లో వండుతారు, స్విగ్గీ, జొమాటో లాంటి యాప్‌లలో ఆర్డరు వస్తుంది, వాళ్ల డెలివరీ కుర్రాడు వచ్చి పట్టుకెళతాడు. విజయనగరం, శ్రీకాకుళం లాంటి మన పట్టణాల్లోనూ ఇది నడుస్తోంది. దాతలుగా మనం సాధారణంగా అడిగే ప్రశ్న "మొదలుపెట్టడానికి ఎంత కావాలి?" అని. దానికంటే ముందు అడగవలసింది "ఒక్క ఆర్డరుపై ఆమె చేతిలో ఎంత మిగులుతుంది?" అని. ఎందుకంటే పొయ్యి, గిన్నెలు మనం ఒకసారి కొనిస్తాం. ఆర్డరుపై నష్టం వస్తుంటే అది రోజూ వస్తుంది. ఎంత ఎక్కువ అమ్మితే అంత త్వరగా ఇల్లు గుల్లవుతుంది.

ఈ లెక్కను ఒక ఉదాహరణతో చేసి చూద్దాం. విజయనగరంలో మూడు లాంతర్ల ప్రాంతంలో రెండు గదుల ఇల్లు అనుకుందాం. వండేది ఒక్కరే. ఒకే వంటకం, చికెన్ బిర్యానీ. నెలకు 26 రోజులు పని. ఇక్కడ వేసిన ధరలు లెక్క తెలియడానికి వేసినవి. మీరు లెక్క కట్టేటప్పుడు ఆ వారం మీ బజారు ధర వేసుకోవాలి. పద్ధతి మాత్రం మారదు.

మొదటి మెట్టు: వండిన ఖర్చు

2 కిలోల బాస్మతి, రెండున్నర కిలోల కోడిమాంసం ఒక డేగిసాకు పెట్టుకుందాం. బియ్యం 220 రూపాయలు, మాంసం 600, నూనె నెయ్యి కలిపి 75. ఉల్లిపాయ, పెరుగు, అల్లం వెల్లుల్లి, పుదీనా, కొత్తిమీర 125. మసాలా దినుసులు 60. షేర్వా, పెరుగు చట్నీలకు 100. మొత్తం 1,180 రూపాయలు.

ఇది ఎంతమందికి వస్తుంది? కిలో బియ్యం ఉడికితే రెండున్నర కిలోలకు పైగా అన్నమవుతుంది. డబ్బాకు 350 గ్రాముల అన్నం, రెండు మూడు ముక్కలు తూచి పెడితే 14 డబ్బాలు వస్తాయి. అప్పుడు డబ్బాకు 84 రూపాయలు. తూచకుండా చేతి అందాజాతో పెడితే అదే డేగిసా 12 డబ్బాలకే అయిపోతుంది, డబ్బా ఖర్చు 98 రూపాయలకు చేరుతుంది. ఇంట్లో చుట్టాలకు వడ్డించే చెయ్యి ఉదారంగానే ఉంటుంది. వ్యాపారంలో మాత్రం ఆ ఉదారం విలువ డబ్బాకు 14 రూపాయలు. అందుకే సామాను జాబితాలో త్రాసు లేకపోతే ఆ జాబితా అసంపూర్తి అని మేము అంటాం.

గ్యాసు కూడా కొలవచ్చు. వంటకు ముందు, తర్వాత సిలిండరును త్రాసుపై పెడితే ఎంత కాలిందో తెలుస్తుంది. 19 కిలోల సిలిండరు 1,900 అనుకుంటే కిలో 100 రూపాయలు. డేగిసాకు 700 గ్రాములు కాలితే డబ్బాకు 5 రూపాయలు పడుతుంది. ఇంటి అవసరానికి ఇచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండరును వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి లెక్కలో వాణిజ్య సిలిండరు ధరే వేయాలి.

రెండో మెట్టు: ప్యాకింగు

చాలామంది "డబ్బాకెంత, ఐదారు రూపాయలే కదా" అని వదిలేసేది ఇదే. విడివిడిగా చూద్దాం. మూతతో బిర్యానీ డబ్బా 9 రూపాయలు. షేర్వాకు, చట్నీకి రెండు చిన్న కప్పులు 4. కాగితం సంచి 4. చెక్క చెంచా, టిష్యూ, సీలు వేసే స్టిక్కరు 3. మొత్తం 20 రూపాయలు. ప్లాస్టిక్ చెంచాలను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు, కాబట్టి చవగ్గా దొరికాయని వాటిని కొనకూడదు. అలాగే మూత గట్టిగా పట్టని కప్పు కొని రూపాయి ఆదా చేస్తే, బండి మీద షేర్వా ఒలికి ఒక్క ఫిర్యాదుతో ఆ ఆర్డరు డబ్బే పోవచ్చు. కొత్త కప్పులో నీళ్లు పోసి, మూత పెట్టి, తలకిందులుగా ఐదు నిమిషాలు ఉంచి చూసిన తర్వాతే వందల లెక్కన కొనాలి.

మూడో మెట్టు: యాప్ కమీషను

యాప్‌లో ధర 200 రూపాయలు పెట్టారనుకుందాం. కమీషను ఒప్పందాన్ని బట్టి మారుతుంది. మనం 22 శాతం అనుకుందాం, అంటే 44 రూపాయలు. ఈ కమీషనుపై 18 శాతం జి.ఎస్.టి. ఉంటుంది, అది దాదాపు 8 రూపాయలు. కలిపి 52. బ్యాంకులో పడేది 148.

ఇక్కడ రెండు పన్నులను కలిపేసుకోకూడదు. భోజనంపై 5 శాతం పన్నును 2022 జనవరి 1 నుంచి యాప్ కంపెనీయే కొనేవారి దగ్గర వసూలు చేసి కడుతోంది. ఆ బరువు వండేవారిపై లేదు. కమీషనుపై పడే 18 శాతం మాత్రం పూర్తిగా వండేవారి ఖర్చే. చిన్న వ్యాపారికి అది తిరిగి రాదు.

ఇప్పుడు తీసివేత చేద్దాం. 148లోంచి వంట 84, గ్యాసు 5, ప్యాకింగు 20 తీసేస్తే మిగిలేది 39 రూపాయలు.

రోజూ 14 డబ్బాలూ అమ్ముడుపోవు. ఒకటి మిగిలిపోతుందనుకుంటే దాని 89 రూపాయలను మిగతా 13 డబ్బాలు మోయాలి, డబ్బాకు 7 రూపాయలు. 39 కాస్తా 32 అయింది. మిగిలిన బిర్యానీని మర్నాడు వేడిచేసి అమ్మే ఆలోచనే వద్దు. బయట ఉంచిన అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడిచేసినా పోదు. రోజుకు ఏడెనిమిది ఆర్డర్లే వస్తుంటే కిలో బియ్యం డేగిసాకు దిగాలి.

దీనికి ఆఫరు తోడైతే చూడండి. 20 శాతం తగ్గింపు అని యాప్ చూపిస్తుంది, అందులో సగం, అంటే 20 రూపాయలు, వండేవారు భరించాలని ఒప్పుకున్నారనుకుందాం. కమీషను 180పై లెక్కగట్టినా చేతికొచ్చేది 133. మిగులు 32 నుంచి 17కు పడిపోయింది. ఆ రోజు తూకం లేకుండా 12 డబ్బాలే వచ్చాయా, ఇక ఒక్క రూపాయి కూడా నిలవదు. ఆర్డర్లు మాత్రం బాగా వస్తున్నట్టే కనబడతాయి. అక్కడే చాలామంది మోసపోతారు.

ధర ఎలా పెట్టాలి?

ఇది బడిలో శాతాలు చెప్పేటప్పుడు పిల్లలు చేసే పొరపాటే. పన్నుతో కలిపి కమీషను 26 శాతం, కాబట్టి మన ఖర్చుకు 26 శాతం కలిపితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. కమీషను మన ఖర్చుపై కాదు, అమ్మే ధరపై పడుతుంది.

ముందు చేతికి ఎంత రావాలో రాసుకుందాం. వంట, గ్యాసు, ప్యాకింగు కలిపి 109. మిగిలిపోయేదానికి 7. సామాను అరుగుదలకు 3. కరెంటు, ఫోను, శుభ్రతకు 4. వండిన మనిషి కష్టానికి 40. మొత్తం 163. నూరు రూపాయల ధరలో చేతికొచ్చేది 74 కాబట్టి, 163ను 0.74తో భాగించాలి.

163 ÷ 0.74 = 220

ధర 220 పెట్టాలి. అదే 163కు 26 శాతం కలిపితే 205 వస్తుంది. దానిపై కమీషను పోగా చేతికి 152 మాత్రమే వస్తుంది. తగ్గిన 11 రూపాయలు ఎవరి వాటాలోంచి పోయాయి? వండినామె కూలిలోంచే. ఊళ్లో మిగతావారు 200కే అమ్ముతుంటే ఆమెకు డబ్బాకు మిగిలేది 25 రూపాయలు. రోజుకు 13 చొప్పున నెలకు 338 డబ్బాలు అమ్మితే 8,450. 220కి అమ్మగలిగితే 13,520. రోజుకు 300 కూలి ఇచ్చి సాయం పెట్టుకుంటే నెలకు 7,800 అందులోంచే పోతుంది. ఈ స్థాయిలో పనిమనిషిని పెట్టుకునే వీలు లేదని ముందే తెలియాలి.

తెలిసినవారు ఫోను చేసి తీసుకునే ఆర్డరు వేరు. 180కి ఇచ్చి, ఇంట్లో అబ్బాయి బండి మీద చేరవేస్తే పెట్రోలుకు 12 అనుకున్నా, వంట ప్యాకింగుల 109 పోగా 59 మిగులుతుంది. అయితే ధరల గురించి యాప్ ఒప్పందంలో ఏ షరతు ఉందో ముందుగా చదువుకోవాలి.

మొదలుపెట్టడానికి ఎంత?

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు రావచ్చు. ఇంట్లో ఉన్న మిక్సీ, ఫోను వదిలేసి లెక్కిద్దాం.

వాణిజ్య గ్యాసు కనెక్షను, మొదటి సిలిండరు: 5,000
రెండు బర్నర్ల పెద్ద పొయ్యి: 4,000
మూతలతో డేగిసాలు: 6,000
త్రాసు: 1,500
మాంసానికి విడిగా పాత ఫ్రిజ్: 9,000
ఎగ్జాస్ట్ ఫ్యాను, దీపాలు: 3,000
కత్తులు, వేడి నిలిపే పెట్టె: 3,000
ఆహార రిజిస్ట్రేషను, యాప్ చేరిక ఖర్చు: 2,000

ఇది 33,500. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషను ఫీజు చిన్న వ్యాపారులకు ఏడాదికి 100 రూపాయలే. ఆ 14 అంకెల నంబరు లేకుండా యాప్‌లో చేరలేరు. సామాను మూడేళ్లు పనిచేస్తుందనుకునే పైన డబ్బాకు 3 రూపాయల అరుగుదల వేశాం.

ఇంతటితో ఆగితే పదిరోజుల్లో పొయ్యి ఆరిపోతుంది. యాప్ డబ్బు ఏ రోజుకారోజు రాదు, వారానికోసారి లెక్కకట్టి వేస్తారు. ఆలోగా ప్రతి ఉదయం మాంసానికి, బియ్యానికి దాదాపు 1,250 కావాలి. పదిరోజులకు 12,500. ప్యాకింగు సామాను 300 జతలకు 6,000. ఈ 18,500 చేతిలో తిరగవలసిన డబ్బు. మొత్తం 52,000. అందులో మూడో వంతుకు పైగా కంటికి కనిపించని ఈ తిరుగుడు డబ్బే. దాతలు సామాను కొనిచ్చి ఫొటో దిగి వచ్చేస్తే, ఈ మూడో వంతు కోసం ఆమె చేబదులుకో వడ్డీకో తిరగాలి. అందుకే సహాయం రెండు భాగాలుగా ఉండాలని మా సూచన. సామాను ఒకసారి, తిరుగుడు డబ్బు మొదటి రెండు మూడు వారాల్లో విడతలుగా.

దారి తప్పిందని ఎలా తెలుస్తుంది?

ఒక్క భాగహారం చాలు. యాప్ వారం వారం పంపే లెక్కలో, బ్యాంకులో పడిన మొత్తాన్ని ఆ వారం ఆర్డర్ల సంఖ్యతో భాగించాలి. 200 ధరకు 148 దగ్గర రావాలి. 135 వచ్చిందంటే ఆఫరు వాటా, ప్రకటన ఖర్చు, రద్దయిన ఆర్డరు, ఫిర్యాదు కోత, వీటిలో ఏదో ఒకటి కొరుకుతోందన్నమాట. అదే కాగితంలో ఏదో వెతికి పట్టుకోవాలి. రెండో గుర్తు డేగిసాకు ఎన్ని డబ్బాలు వచ్చాయో గోడ మీది క్యాలెండరులో రాయడం. 14 కాస్తా 13, 12 అవుతుంటే తూకం మానేశారని అర్థం. కోడిమాంసం ధర కిలోకు 40 రూపాయలు పెరిగితే డబ్బాకు 7 రూపాయలు పెరిగినట్టే. ఆ వారమే ధర మళ్లీ 0.74తో భాగించి చూసుకోవాలి.

సహాయం కోరి వచ్చిన అర్జీతో పాటు ఈ ఒక్క డబ్బా లెక్కను ఆమె చేతనే రాయించండి. లెక్క రాకపోతే మన పిల్లల్లో పదో తరగతి చదివేవారు పక్కన కూర్చుని రాసిపెట్టగలరు. 163 అంకె దగ్గర ఆమె కష్టానికి పెట్టిన 40 రూపాయలు ఉన్నాయో లేదో మాత్రం మనం చూడాలి.