తేల్చి అడగటం: ఎప్పుడు, ఏ మాటలతో?



సమ్మావాచ అనగానే మనకు నాలుగు సంగతులు గుర్తొస్తాయి. అబద్ధం ఆడకూడదు, చాడీలు చెప్పకూడదు, పరుషంగా మాట్లాడకూడదు, పనికిరాని మాటలు మాట్లాడకూడదు. ఈ నాలుగూ మానితే చాలు, వాక్కు శుద్ధి అయినట్టే అనుకుంటాం. కానీ ఇద్దరు మనుషులు ఒక్క అబద్ధం ఆడకుండా, ఒక్క పరుషమైన మాట అనకుండానే ఒకరి జీవితాన్ని మూడేళ్లు ఆపెయ్యగలరు. అడగాల్సిన మాట ఒకరు అడగరు. చెప్పాల్సిన మాట ఇంకొకరు చెప్పరు. ఈ పాఠం ఆ మాట గురించి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన వాడల్లో ఇలాంటిది కనబడని ఊరు తక్కువ. ఒకమ్మాయి విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మన ఇంటి పిల్ల. అబ్బాయి వేరే కులం, బ్యాంకులో ఉద్యోగం. పరిచయమై మూడేళ్లు. రోజూ ఫోన్లు, ఆదివారం కలుసుకోవటం. పెళ్లి మాట వస్తే అతను కాదనడు, ఔననడు. "చూద్దాం లే, టైమ్ రానీ" అంటాడు. ఇప్పుడు ఆ అమ్మాయికి ఇంట్లో ఒక సంబంధం వచ్చింది. సంక్రాంతి వెళ్లాక పెళ్లిచూపులు అంటున్నారు. ఆమె ఏం చెయ్యాలి?

బుద్ధుడు కాలం గురించి చెప్పింది

మజ్ఝిమ నికాయంలో అభయరాజకుమార సుత్తం ఉంది. తథాగతుడు ఎలాంటి మాట పలుకుతాడో అందులో బుద్ధుడు వివరంగా చెప్తాడు. నిజం కానిది పలకడు. నిజమైనా మేలు చెయ్యనిది పలకడు. నిజమై, మేలు చేసేదైతే, ఎదుటివారికి నచ్చకపోయినా పలుకుతాడు. కానీ దానికి తగిన సమయం చూసి పలుకుతాడు. నచ్చే మాటకు కూడా ఇదే నియమం. అప్పుడు రాజకుమారుడి ఒడిలో ఒక పసివాడు ఉన్నాడు. వీడు రాయి నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. నెత్తురొచ్చినా సరే, వేలు పెట్టి తీస్తానన్నాడు రాజకుమారుడు, పిల్లవాడి మీద దయతోనే.

ఇందులో మనకు రెండు సంగతులు ఉన్నాయి. నొప్పి కలుగుతుందని మాట మానెయ్యకూడదు. మేలు చేసే మాట కదా అని ఎప్పుడుపడితే అప్పుడు అనెయ్యకూడదు. మనలో చాలామంది మొదటిది మర్చిపోయి మూడేళ్లు ఊరుకుంటారు. తర్వాత రెండోది మర్చిపోయి ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్‌లో ఏడుస్తూ అడిగేస్తారు.

సమయం ఎలా ఎంచుకోవాలి

ఆ అమ్మాయి సంగతికే వద్దాం. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున అడగకూడదు, ఒంట్లో ఓపిక ఉండదు. గొడవ పడిన రోజు అడగకూడదు, ఆ రోజు వచ్చే జవాబు గొడవకు జవాబు అవుతుంది, ప్రశ్నకు కాదు. ఎవరి పెళ్లిలోనో అడగకూడదు, పక్కన పదిమంది ఉంటారు.

ఇవి అందరికీ తెలిసినవే. తెలియాల్సింది ఇంకొకటి ఉంది. జవాబు చెప్పేవాడు ఆ జవాబు ప్రకారం నడవటానికి వీలున్న సమయం చూసుకోవాలి. అతను సంక్రాంతికి ఊరు వెళ్తాడు. అమ్మానాన్నలతో ఎదురుగా కూర్చుని మాట్లాడే అవకాశం ఏడాదిలో అప్పుడే ఎక్కువ. కాబట్టి ఆమె డిసెంబరులో అడగాలి. భోగి ముందురోజు అడిగితే అతనికి ఆలోచించుకునే వ్యవధి ఉండదు. పండగ వెళ్లాక అడిగితే మళ్లీ "ఉగాదికి వెళ్లినప్పుడు చెప్తా" అంటాడు. ఇటు ఆమె ఇంట్లో పెళ్లిచూపులు కూడా అయిపోతాయి.

సరైన సమయం అనే మాట వాయిదాకు సాకు కూడా అవుతుంది. దాన్ని కనిపెట్టటం తేలిక. మీరు ఒక తేదీ అనుకుని దాటేశారు. రెండోసారి కూడా దాటేశారు. ఇక మూడోసారి అడ్డం వచ్చేది సమయం కాదు, జవాబు వినాలంటే ఉన్న భయం. ఆ భయాన్ని భయంగా గుర్తించి, క్యాలెండరులో ఒక ఆదివారం చుట్టూ గుండ్రంగా గీత గియ్యండి.

ముందు అనుమతి అడగటం

వినయ పిటకంలో ఒక పద్ధతి ఉంది. ఒక భిక్షువు ఇంకో భిక్షువుతో ఆక్షేపణ మాట మాట్లాడాలంటే ముందు అవకాశం అడగాలి. నేను మీతో ఒక సంగతి మాట్లాడాలనుకుంటున్నాను, అవకాశం ఇవ్వండి అని. మాట్లాడేవాడు అయిదు సంగతులు తనలో చూసుకోవాలి: తగిన సమయమేనా, ఉన్నదే చెప్తున్నానా, మృదువుగా చెప్తున్నానా, మేలుకే చెప్తున్నానా, మనసులో మైత్రి ఉందా. వినేవాడికి కూడా రెండు నియమాలు పెట్టారు. నిజం చెప్పాలి, కోపం తెచ్చుకోకూడదు.

మన సంభాషణ ఆక్షేపణ కాకపోయినా ఈ పద్ధతి చక్కగా పనికొస్తుంది. ఆమె రెండు రోజుల ముందు ఇలా మెసేజ్ పెట్టవచ్చు: "ఆదివారం సాయంత్రం ఒక గంట కావాలి. మన పెళ్లి విషయం మాట్లాడాలి. కుదురుతుందా?" విషయం ఏమిటో చెప్పటం ముఖ్యం. "నీతో మాట్లాడాలి" అని ఊరుకుంటే అతను రెండు రోజులు ఏవేవో ఊహించుకుని, రక్షణలో పడి వస్తాడు. విషయం తెలిస్తే ఆలోచించుకుని వస్తాడు. ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చోవాలి. పగటి వెలుగు ఉన్న చోటు, ఎవరూ మాట వినని చోటు, ఎవరికి వాళ్లు లేచి వెళ్లిపోగలిగే చోటు అయితే మంచిది.

ఏ మాటలు

ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. "నేనంటే నీకు ఇష్టమేనా?" అని అడుగుతారు. ఇష్టమే అంటాడు, అది నిజమే కావచ్చు, కానీ ఏమీ తేలదు. "మీ వాళ్లు ఒప్పుకుంటారంటావా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అతన్ని పక్కకు తప్పించి వాళ్ల నాన్నను బోనులో నిలబెడుతుంది. "నన్ను మోసం చేస్తున్నావా?" అంటే అది ప్రశ్న కాదు, తీర్పు.

తేల్చే మాటలో మూడు భాగాలు ఉంటాయి. ఇప్పటిదాకా ఉన్నది, నాకు కావలసింది, నీ నుంచి తెలియాల్సింది. ఆమె ఇలా అనవచ్చు:

"మనం మూడేళ్లుగా కలిసి తిరుగుతున్నాం. పెళ్లి గురించి నువ్వు ఎప్పుడూ కాదనలేదు, ఔననలేదు. నాకు నిన్ను పెళ్లి చేసుకోవాలని ఉంది. ఇంట్లో సంబంధం చూస్తున్నారు, వాళ్లకి నేను జవాబు చెప్పాలి. నువ్వు నన్ను పెళ్లి చేసుకుంటావా? మన గురించి మీ ఇంట్లో ఎవరికి చెప్పావు? మాది ఏ కులమో చెప్పావా?"

చివరి ప్రశ్న చూడండి. చాలా ప్రేమల్లో అసలు మబ్బు అక్కడే ఉంటుంది. అతనికి ప్రేమ ఉంటుంది, కులం మాట ఇంట్లో ఎత్తే ధైర్యం ఉండదు. "టైమ్ రానీ" అంటే ఆ మాట ఎత్తాల్సిన రోజు రాకుండా ఉండనీ అని అర్థం. ఇష్టం గురించి అడిగితే ఎంతసేపైనా మాట్లాడతాడు. చెప్పావా లేదా అంటే రెండే జవాబులు.

అడిగాక ఊరుకోవాలి. అతను మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని మీరు నింపకండి. "పర్లేదు లే, నీ ఇబ్బంది నాకు తెలుసు" అని మీరే అందిస్తే, మీ ప్రశ్నకు మీరే జవాబు చెప్పుకున్నట్టు.

"చూద్దాం" అంటే

ఔను అంటే తర్వాతి అడుగేమిటో అక్కడే అనుకోవాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు పెళ్లి అయితే, ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, 30 రోజులు ఆగాలి, పెళ్లి రోజు ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు గోడకెక్కితే ఇంట్లో తెలిసే అవకాశం ఉంది. అందుకే ఇంట్లో ముందు చెప్పటమే మొదటి అడుగు అవుతుంది. కాదు అంటే బాధగా ఉంటుంది, కానీ తేలిపోతుంది.

కష్టమంతా మూడో జవాబుతోనే. "అక్క పెళ్లి కానీ, చూద్దాం" అన్నాడనుకోండి. అది నిజమైన ఇబ్బందే కావచ్చు. ఒక్కసారి మాత్రం అడగండి: "సరే. మీ ఇంట్లో ఎవరికి చెప్తావు, ఏ తేదీలోపు చెప్తావు?" గడువు అడిగే హక్కు అతనికి ఉంది. ఆ గడువుకు ఒక పని, ఒక తేదీ ఉండాలి. "పండక్కి వెళ్లినప్పుడు అమ్మకు, అక్కకు చెప్తాను, జనవరి నెలాఖరుకి నీకు కబురు చెప్తాను" అంటే అది గడువు. పనీ తేదీ లేని "చూద్దాం" వాయిదా.

ఆమె కూడా తన వైపు పని చెయ్యాలి. ఇంట్లో అమ్మతో, "ఫిబ్రవరి మొదటి వారం దాకా ఆ సంబంధం వాళ్లకి మాట ఇవ్వొద్దమ్మా" అని చెప్పాలి. నెలాఖరు దాటి అతను తనంతట తాను ఏమీ చెప్పకపోతే, మళ్లీ అడగక్కర్లేదు. ఆ మౌనమే జవాబు. అది అతని నోటితో వినాలని ఇంకో ఏడాది ఎదురుచూడకూడదు. తేదీ దాటితే ఏం చెయ్యాలో మాట్లాడటానికి వెళ్లకముందే ఆమె మనసులో నిర్ణయించుకుని ఉండాలి. లేకపోతే ఆ తేదీకి బలం ఉండదు.

బాబాసాహెబ్ అడిగిన తీరు

1948లో బాబాసాహెబ్ డాక్టర్ శారదా కబీర్‌ను పెళ్లికి అడిగింది ఉత్తరం ద్వారా. ఆమె తన ఆత్మకథలో ఆ సంగతి రాశారు. తమ వయసుల మధ్య తేడాను, తన అనారోగ్యాన్ని ఆయనే ముందు పెట్టారు. ఆమె కాదన్నా తాను నొచ్చుకోనని కూడా రాశారు. ఆమె ఆలోచించుకుని ఒప్పుకున్నారు. ఆ ఏడాది ఏప్రిల్ 15న ఢిల్లీలో రిజిస్టరు పెళ్లి జరిగింది. ఎదుటివారికి అడ్డం రాగల సంగతిని తానే చెప్పటం, కాదనే స్వేచ్ఛ ఇవ్వటం, ప్రశ్న మాత్రం సూటిగా అడగటం, ఈ మూడూ అందులో ఉన్నాయి.

ఈ పద్ధతి పనికిరాని చోటు

అతను చెయ్యి చేసుకునేవాడైనా, ఫొటోలు చూపించి బెదిరించేవాడైనా, అతని వాళ్ల నుంచి ప్రాణభయం ఉన్నా ఒంటరిగా కూర్చుని మాట్లాడే ప్రసక్తి లేదు. అక్కడ తేలాల్సిందేమీ లేదు. ముందు నమ్మకమైన పెద్దవాళ్లకు, వకీలుకు చెప్పాలి. మెసేజ్‌లు చెరిపెయ్యకూడదు.

ఈ వారం సాధన

మీ జీవితంలో తేలని సంగతి ఒకటి ఉంటే, అడగాల్సిన మూడు వాక్యాలు కాగితం మీద రాయండి: ఉన్నది, కావలసింది, తెలియాల్సింది. మూడోది అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్నేనా చూడండి. కాకపోతే తిరగరాయండి. తర్వాత పైకి చదవండి. చదువుతుంటే గొంతులో కోపం వినబడితే ఆ రోజు అడగొద్దు. ఏడుపు వస్తే మాత్రం ఫర్వాలేదు, అడగండి.

భవతు సబ్బ మంగళం.