కచేరీ పోస్టర్‌లో ఎవరి పేరు ముందు?

డిజైన్ స్టూడియోలు, పెద్ద ప్రింటింగ్ ప్రెస్‌లు కొత్తవాళ్లను తీసుకునే ముందు ఓ చిన్న పరీక్ష పెట్టడం మామూలే. ఏదో ఒక కార్యక్రమం మ్యాటర్ చేతికిచ్చి, గంటో రెండు గంటలో సమయమిచ్చి, పోస్టర్ చేసి చూపించమంటారు. ఈ పరీక్షకు శాస్త్రీయ సంగీత కచేరీ బాగా పనికొస్తుంది. సినిమా పోస్టర్‌లా బొమ్మతో నెట్టుకురావడానికి ఇందులో వీలు తక్కువ. పేర్లు, తేదీ, వేదిక, టికెట్ ధర ఉంటాయి, అంతే. వాటిని అభ్యర్థి ఏ వరుసలో పేర్చాడో చూస్తే, మ్యాటర్ చదివి అర్థం చేసుకున్నాడా, ఊరికే ఎక్కించాడా అన్నది తెలిసిపోతుంది.

ఒక సభ కార్యదర్శి వాట్సాప్‌లో మ్యాటర్ పంపారనుకుందాం. అందులో మొదట సభ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్నో వార్షికోత్సవమో ఉంటాయి. తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, అధ్యక్షులు, వాళ్ల హోదాలు. ఆ తర్వాతే గాయని పేరు, వయొలిన్, మృదంగం, ఘటం కళాకారుల పేర్లు. చివర్లో 2027 జనవరి 10, ఆదివారం, సాయంత్రం 6 గంటలు, రవీంద్రభారతి, హైదరాబాద్. అన్నిటికంటే కింద టికెట్లు 300, 500 రూపాయలు.

ఇది సభవాళ్ల వరుస. వాళ్ల దృష్టిలో అతిథుల మర్యాద ముందు. పోస్టర్ చూసేవాడి వరుస వేరు. లక్డీకాపూల్ దగ్గర గోడ మీద ఆ కాగితం చూసే రసికుడికి మొదట కావాల్సింది, ఎవరు పాడుతున్నారు? ఆ పేరు నచ్చితే, ఎప్పుడు? ఆ రోజు ఖాళీ ఉంటే, ఎక్కడ? వెళ్లాలనిపిస్తే, టికెట్ ఎంత, ఎక్కడ దొరుకుతుంది? ఈ నాలుగు ప్రశ్నలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి. మొదటిదానికి జవాబు దొరక్కపోతే రెండోది అడిగేవాడే ఉండడు. పోస్టర్‌లో అక్షరాల సైజులు తగ్గుతూ రావాల్సింది ఈ క్రమంలోనే.

ఏ దేశమైనా, ఏ సంగీతమైనా ఇదే వరుస పనికొస్తుందనుకుంటే మాత్రం పొరపాటు. జ్యూరిక్‌లోని టోన్‌హాలే సంగీత మందిరానికి స్విస్ డిజైనర్ యోసెఫ్ ముల్లర్ బ్రాక్‌మన్ 1950లలో వరుసగా పోస్టర్లు చేశాడు. వాటిలో 1955 నాటి బీథోవెన్ పోస్టర్‌ను డిజైన్ విద్యార్థులు ఇప్పటికీ పాఠంగా చదువుతారు. నలుపు తెలుపుల్లో పెద్ద పెద్ద వలయ ఖండాలు, వాటి మధ్య చిన్న అక్షరాలు. అక్కడ అన్నిటికంటే పైనున్నది స్వరకర్త పేరు. దాని కింద హాలు, వారం, తేదీ, సమయం. సంగీత నిర్దేశకుడు, వయొలిన్ విద్వాంసుడు ఆ తర్వాతే. అక్కడి శ్రోత బీథోవెన్ రచన వినడానికి వస్తాడు. కర్ణాటక కచేరీలో ఏ కృతులు పాడతారో చాలాసార్లు ముందుగా ప్రకటించరు. శ్రోత ఫలానా విదుషి గొంతు కోసమే వస్తాడు. అందుకే ఇక్కడ కళాకారుల పేరు పైకి వెళుతుంది.

దీనికీ మినహాయింపులున్నాయి. పాడేది ఎవరికీ తెలియని యువ గాయకుడైతే, ఆ సాయంత్రమంతా అన్నమయ్య కీర్తనలే అయితే, జనాన్ని రప్పించేది అన్నమయ్య పేరే. అది పైన ఉండాలి. త్యాగరాజ ఆరాధనలో ఎందరో కలిసి పాడతారు కాబట్టి సందర్భమే శీర్షిక అవుతుంది. అది పుష్య బహుళ పంచమి నాడు జరుగుతుంది. తిథి తెలిసినవాళ్లకు ఆ మాట చాలు, మిగతావాళ్లకు పక్కనే ఇంగ్లిషు తేదీ ఉండి తీరాలి. ఇక టికెట్ లేకపోతే ‘ప్రవేశం ఉచితం’ అన్నది అడుగున దాచేది కాదు. రావాలా వద్దా అని తటపటాయించేవాడిని కదిలించేది అదే. తేదీ పక్కన చోటు దానికి న్యాయం.

మన ఉదాహరణకు వద్దాం. నిలువు ఏ3 కాగితం, అంటే 297 మిల్లీమీటర్ల వెడల్పు, 420 ఎత్తు. నాలుగు సైజులు చాలు. గాయని పేరు 84 పాయింట్లు. తేదీ, వారం, సమయం ఒకే గుంపుగా 48. వేదిక, పక్కవాద్యాలు 28. టికెట్ వివరాలు, అతిథులు, సభ పేరు 16. పక్కపక్క మెట్ల మధ్య తేడా రెట్టింపుకు కాస్త తక్కువగా ఉంది చూడండి. 48 పక్కన 42 పెడితే ఆ తేడా కంటికి ఆనదు, రెండూ పోటీ పడతాయి. ఆరేడు సైజులు వాడిన పోస్టర్ గజిబిజిగా కనిపించడానికి కారణం ఇదే.

పక్కవాద్యాల విషయంలో డిజైనర్ సొంత తెలివి చూపించకూడదు. వయొలిన్ ముందు, తర్వాత మృదంగం, ఆపైన ఘటమో కంజీరానో మోర్సింగో. ఇది సభల్లో పాతుకుపోయిన మర్యాద. పేరు పొట్టిగా ఉందని మృదంగ విద్వాంసుణ్ని పైన పెట్టినా, జాగా చాలలేదని ఒకరి పేరు కుదించినా, ప్రూఫ్ చూడగానే ఫోన్ వస్తుంది. ముగ్గురి పేర్లూ ఒకే సైజు, ఒకే మందం. ప్రతి పేరు ముందు వాద్యం పేరు కాస్త పలచని అక్షరాల్లో ఉంటే సరి.

తెలుగుకు ఇంకో చిక్కుంది. ఇంగ్లిషులో ఒక పంక్తిని పెద్ద బడి అక్షరాల్లో వేసి, సైజు పెంచకుండానే మెట్టు మార్చవచ్చు. తెలుగులో ఆ సదుపాయం లేదు. మందం, సైజు, చుట్టూ ఖాళీ, రంగు, ఇవే సాధనాలు. రామభద్ర లాంటి ఫాంటు ఒకే మందంలో దొరుకుతుంది కాబట్టి పెద్ద పేరుకే బాగుంటుంది. అనెక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు పలు మందాల్లో ఉన్నాయి, మిగతా మూడు మెట్లకూ ఏదో ఒకటే సరిపోతుంది. పంక్తుల మధ్య ఎడం కూడా చూసుకోవాలి. పై పంక్తిలోని వొత్తు, కింది పంక్తిలోని గుడిని తాకుతుంది. ఇంగ్లిషు పంక్తులకు సరిపడే ఎడాన్ని అలాగే ఉంచేస్తే ‘కృష్ణ’ కింద ‘శ్రీ’ వచ్చిన చోట రెండూ అతుక్కుంటాయి. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, చూస్తూ తగ్గించుకోవడం మేలు.

చాలా ప్రెస్‌ల్లో ఇప్పటికీ అను ఫాంట్లే నడుస్తున్నాయి. వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ మ్యాటర్‌ను నేరుగా అందులో అతికిస్తే చదవడానికి రాదు, కన్వర్టర్‌లో మార్చుకోవాలి. ఆ మార్పిడిలో వొత్తులు తారుమారు కావచ్చు. కళాకారుల పేర్లను మూల మ్యాటర్‌తో అక్షరం అక్షరం పోల్చి చూడటం అప్పుడే చేయాలి. తేదీకి వారం సరిపోయిందో లేదో క్యాలెండర్ తీసి చూడటం కూడా ఈ దశలో పనే.

పోస్టర్ అయ్యాక రెండు పరీక్షలు. అసలు సైజులో ప్రింటు తీసి గోడకు అతికించి, మూడు మీటర్ల దూరం నుంచి చూడాలి. పేరూ తేదీ చదవగలగాలి, మిగతావి దగ్గరికొస్తే చాలు. రెండోది, వాట్సాప్ చాట్‌లో చిన్న బొమ్మగా పంపి, తెరవకుండా చూడటం. అప్పుడూ పేరు కనిపించాలి. ఇప్పుడు చాలామంది రసికులకు పోస్టర్ మొదట చేరేది అలాగే. ముఖ్య అతిథి ఫొటో గాయని పేరు కంటే ముందు కంటికి తగిలిందంటే వరుస తప్పిందన్నమాట. అతిథుల పేర్లు తీసేయమని సభను అడగనక్కర్లేదు, వాళ్లందరినీ అడుగున ఒక పట్టీలో చేర్చి చూపిస్తే చాలాసార్లు ఒప్పుకుంటారు.

ఈ పని నేర్చుకోవడానికి హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో అప్లైడ్ ఆర్ట్ బీఎఫ్‌ఏ ఉంది. బీడీస్‌కు ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ ఒక దారి. డిగ్రీ లేకుండా డీటీపీ నుంచి వచ్చినవాళ్లు కూడా ఈ రంగంలో ఉన్నారు. ఎవరికైనా పోర్ట్‌ఫోలియోలో పది పోస్టర్లు పెట్టడం కంటే, ఒకే కచేరీ మ్యాటర్‌తో మూడు పోస్టర్లు పెట్టడం ఎక్కువ ఉపయోగం. ఒకటి పేరున్న గాయనికి, ఒకటి అన్నమయ్య సాయంత్రానికి, ఒకటి ఉచిత ప్రవేశానికి. ప్రతిదాని పక్కన సభ పంపిన అసలు మ్యాటర్, ఏది ఎందుకు పైకి వెళ్లిందో రెండు వాక్యాలు రాసి ఉంచితే, ఇంటర్వ్యూలో మాట్లాడుకోవడానికి అదే విషయమవుతుంది.